లండన్‌లో లేని గిడ్డంగి

మా బడి హాజరు పట్టీకి ఏటా నేనే అట్ట వేస్తాను. మిషన్ వాళ్ళు పంపే డబ్బులో అట్ట కాగితానికి చోటుండదు. అందుకని మా ఊరి జనపనార మిల్లు నుంచి నాకు పోస్టులో వచ్చే వార్షిక నివేదికను విప్పి, వెనక పేజీలు చింపి, గంజితో అతికిస్తాను. ముందు పేజీల్లో ఛైర్మన్ గారి ఫోటో, ప్రసంగం ఉంటాయి కాబట్టి వాటిని బీరువాలో దాస్తాను. వెనక పేజీల నిండా చీమల బారుల్లాంటి సన్నక్షరాలే. వాటిని ఎవరు చదువుతారు? కాగితం మాత్రం దిట్టంగా ఉంటుంది.

పదిహేనేళ్ళుగా ఇలా చేస్తున్నాను. నా పేరు జ్ఞానసుందరి, మిషన్ ఎలిమెంటరీ స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ని. మా నాన్న మిల్లు ఆస్పత్రిలో కంపౌండరు. మిల్లు పెట్టిన కొత్తలో ఊళ్ళో నలుగురికీ అంటగట్టిన షేర్లలో ఇరవై ఆయన వాటాకి వచ్చాయి, ఆయన పోయాక నా పేరుకు మారాయి. షేరున్న ప్రతివాళ్ళకీ ఏటా నివేదిక పంపాలని చట్టం. అలా మిల్లు కలకత్తా హెడ్డాఫీసు నుంచి ఆ పుస్తకం సెప్టెంబరులో నా గుమ్మంలోకి వస్తుంది. నాకు కోపం జాస్తి అని ఊరంతా అంటారు. ఈ కథలో ఆ కోపం చాలావరకు నా మీద నాకే.

అరవై తొమ్మిది అక్టోబరులో ఒక శనివారం, బడి విడిచిపెట్టాక, దాలమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆమె మొగుడు సూరయ్య మిల్లులో గుడ్డ చూసే పని చేస్తాడు. మగ్గాల మీంచి వచ్చిన గోనెగుడ్డను బల్ల మీద పరిచి, మరకలూ తెగిన పోగులూ లేవని చూసి, బాగున్నదాన్నే ప్రెస్సుకు పంపాలి. అక్కడ దాన్ని బేళ్ళుగా బిగించి ఓడలకెక్కిస్తారు. సూరయ్య ఇరవై ఆరేళ్ళుగా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు.

"అమ్మగోరూ, ఈ కాయితాలు ఓపాలి సూడండి. మా ఆయన్ని పన్లోంచి తీసీసినారు," అంది దాలమ్మ.

"ఎందుకట?"

"ఏటో ఇంగిలీసులో రాసినారు. ఆయన్నడిగితే తప్పు నాదేనంతాడు. కళ్ళు పోనాయంతాడు. వరండాలో గోనెముక్కొకటెట్టుకుని పొద్దస్తమానూ పోగులు నెక్కెట్టుకుంతన్నాడు. అన్నానికి రమ్మన్నా రాడు."

కాగితాలు మూడు. మొదటిది, విచారణ పేరుతో నెలలు గడిపి, పని నుంచి తీసేసిన ఉత్తర్వు. రెండోది సూరయ్య వేలిముద్ర వేసిన తెలుగు కాగితం: నా చూపు మందగించినందువల్ల చెడ్డ గుడ్డను మంచిదని పంపాను, తప్పు ఒప్పుకుంటున్నాను. మూడోది ఆ తప్పు బయటపెట్టిన లండన్ ఉత్తరానికి నకలు. హాల్డెన్ ఫైబర్స్ లిమిటెడ్ అనే కంపెనీ మార్చి ఇరవై ఎనిమిదో తేదీన రాసింది. మీరు పంపిన ఎనభై బేళ్ళు ఈ నెలలో అందాయి, మా గిడ్డంగిలో విప్పించి చూశాం, నిండా నూనె మరకలు, తెగిన పోగులు, ధర తగ్గించాలి, బాధ్యుల మీద ఏం చర్య తీసుకున్నారో తెలపాలి. అదీ సారాంశం.

హాల్డెన్ అన్న పేరు ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు. మిల్లు బేళ్ళ మీద చూసి ఉంటాననుకుని ఊరుకున్నాను.

మర్నాడు చర్చి నుంచి వస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. దాలమ్మ చెప్పినట్టే వరండాలో కూర్చుని ఉన్నాడు సూరయ్య. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నువ్వు చెడ్డ గుడ్డ పంపావా?" అని సూటిగా అడిగాను. డొంకతిరుగుడు నాకు చేతకాదు.

"పంపినట్టు నాకు తెల్దమ్మా."

"తెలియకుండానే వేలిముద్ర వేశావా?"

"సీమ నుంచి రాసినారు గదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మేనేజరు రాసుంటే నమ్మకపోదును. యూనియనోల్లు సెప్పినా నమ్మకపోదును. ఈల్లందరికీ నామీద ఏదో ఒకటుంతాది. సముద్రం అవతలోడికి నా పేరే తెల్దు. ఆడికి నామీద ఏటి పగ? పగ లేనోడు అబద్దం ఎందుకాడతాడు? కళ్ళే పోనాయనుకున్నాను."

న్యాయంగా ఆలోచించే మనిషి అలాగే ఆలోచిస్తాడు. ఆ గోనెముక్క అతని ఒళ్ళోనే ఉంది. అంగుళానికి ఎన్ని పోగులు లెక్క తేలాయని అడిగాను. చెప్పాడు. ఇంటికి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, సూది మొనతో నేనూ లెక్కపెట్టాను. అతను చెప్పినదే సరి. రెండుసార్లు తప్పింది నాకే.

సోమవారం పొద్దున్న హాజరు వేయడానికి పట్టీ తెరిచాను. అట్ట లోపలి వైపు, గంజి ఆరి కాస్త ముడత పడ్డచోట, హాల్డెన్ ఫైబర్స్ లిమిటెడ్, లండన్ అని ఉంది. జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి రోజూ ఆ పేరు మీద చెయ్యి పెట్టి హాజరు వేస్తున్నాను. పిల్లలను ఎక్కాలు వల్లించమని చెప్పి, కిటికీ దగ్గరికి పోయి మొదటిసారి ఆ సన్నక్షరాలు చదివాను.

అది కిందటేటి నివేదికలోని పేజీ. లెక్కల కింద వివరణగా రాసే నోట్లు, వాటిలో పదకొండోది. అనుబంధ కంపెనీలు అని శీర్షిక. ఒక కంపెనీ వాటాల్లో సగానికి మించి ఇంకో కంపెనీ చేతిలో ఉంటే అది అనుబంధ కంపెనీ అవుతుందట. మా మిల్లుకు అలాంటివి మూడున్నాయి. లండన్‌లో హాల్డెన్ ఫైబర్స్, న్యూయార్కులో తివాచీల అడుగున వేసే గుడ్డ అమ్మే కంపెనీ, మొంబాసాలో కాఫీగింజల బస్తాలు కుట్టించే కంపెనీ. హాల్డెన్ పేరు ఎదుట, వాటాలు నూటికి నూరు అని అచ్చువేసి ఉంది.

అంటే సూరయ్య మీద ఫిర్యాదు రాసింది ఎవరో సముద్రం అవతలివాడు కాదు. మిల్లు సొంత మనిషే. మిల్లు కుడిచేత్తో ఎడమచేతికి ఉత్తరం రాసుకుంది. ఆ వేళ పిల్లల మీద అరిచాను, అనవసరంగా.

సాయంత్రం బీరువాలోంచి ఈ ఏటి నివేదిక తీశాను. సెప్టెంబరులో వచ్చింది, చుట్టిన కాగితం కూడా విప్పలేదు. ఈసారి వెనక నుంచి చదివాను. మిల్లు లెక్కలు మార్చి ముప్పై ఒకటికి తేల్చినవి. నోట్లలో మళ్ళీ అవే మూడు పేర్లు. ఆ తర్వాత, అనుబంధ కంపెనీల లాభంలో మిల్లు వాటా ఎంత, అందులో మిల్లు లెక్కల్లోకి తెచ్చినదెంత, తేనిదెంత అని ఒక పట్టీ. అలాంటి పట్టీ జతచేసి తీరాలని చట్టమట. లండన్ కంపెనీకి లాభం వచ్చింది. అందులో ఇక్కడి లెక్కల్లోకి తెచ్చింది ఏమీ లేదు. మిల్లుకు మాత్రం ఈ ఏడు నష్టం. అదేదో నాకు పూర్తిగా అర్థం కాలేదు. నాకు కావలసింది అది కాదు కూడా.

అన్నిటికన్నా చివర, ఆ మూడు కంపెనీల లెక్కలూ విడివిడిగా కుట్టి ఉన్నాయి. లండన్‌ది పౌండ్లలో, అదే మార్చి ముప్పై ఒకటికి తేల్చి ఉంది. దాని మొదట్లో డైరెక్టర్ల నివేదిక, మూడు పేరాలు. కంపెనీ ముఖ్యంగా ఏ పని చేస్తుందో చెప్పాలని అక్కడి చట్టం ఈమధ్యనే పెట్టారు కాబోలు, రెండో పేరా దాని గురించే. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. ఆ రెండు వాక్యాలూ తెలుగులో రాసుకున్నాను: మాతృసంస్థ తయారుచేసిన జనపనార సరుకులను కమీషను మీద అమ్మిపెట్టడమే ఈ కంపెనీ పని. సరుకు భారతదేశం నుంచి నేరుగా కొన్నవారికే ఓడలో పోతుంది, కంపెనీకి ఈ సంవత్సరంలో సొంత గిడ్డంగి గానీ అద్దె గిడ్డంగి గానీ లేదు.

కింద సంతకం పెట్టిన డైరెక్టర్లు ఇద్దరు. ఆ ఇద్దరి పేర్లూ మిల్లు డైరెక్టర్ల జాబితాలో ఉన్నాయి.

మర్నాడు యూనియన్ సెక్రటరీ జగన్నాధాన్ని పిలిపించాను. నివేదిక ముందు పెట్టి జరిగినదంతా చెబితే వింతగా చూశాడు. యూనియన్ వాళ్ళు ఆ పుస్తకం అడిగితే మిల్లు ఎప్పుడూ ఇవ్వలేదట. మా ఇంట్లో పదిహేనేళ్ళ పుస్తకాలు ఉండేవని, వాటి వెనక పేజీలన్నీ పట్టీలకు అతికించానని చెప్పాను. అతను పుస్తకం తన వైపు లాక్కున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈడిని తీసీడం వల్ల ఆల్లకేటి లాభం? అదే నాకు తెల్లేదమ్మా ఇన్నాల్లూ," అన్నాడు పేజీ తిప్పుతూ. "ఇప్పుడు తెలస్తంది. విదేశాలకి సరుకమ్మితే ఆ సొమ్మంతా మన దేశానికి రావాల. తగ్గించి తెచ్చుకుంతాం అంటే బేంకోల్లు ఒప్పుకోరు, సరుకు సెడిందనడానికి రుజువడుగుతారు. ఎగుమతి గుమస్తా సెప్పినాడొకసారి. ఫిర్యాదు ఉత్తరం ఒక రుజువు. దానికి బాధ్యుడిని పన్లోంచి తీసీసినామంటే ఇంకా గట్టి రుజువు."

"అంటే తగ్గించిన ఆ డబ్బు లండన్‌లో సొంత కంపెనీ దగ్గరే ఉండిపోవడానికి సూరయ్యని తీసేశారా?"

"అలాగనీసి నాను రాయలేను. మనం రాయగలిగింది గిడ్డంగి లేదనొక్కటే."

అతను నాకన్నా తెలివైనవాడు. నేనైతే అంతా రాసి పారేసేదాన్ని.

పని నుంచి తీసేసిన ఒక్క మనిషి గొడవైనా కార్మిక వివాదమే. కాబట్టి జగన్నాధం విజయనగరంలో లేబర్ ఆఫీసరు దగ్గర పిటిషను పెట్టాడు. ఆ ఆఫీసరు తీర్పు చెప్పడు. రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీకి చూస్తాడు, కుదరకపోతే జరిగినదంతా పైకి రాస్తాడు, ప్రభుత్వం కోర్టుకు పంపవచ్చు, పంపకపోవచ్చు. కోర్టుకు పోతే రెండేళ్ళో మూడేళ్ళో. అప్పటిదాకా సూరయ్య ఏం తినాలి, అంతకన్నా ముఖ్యం, ఏమనుకుంటూ బతకాలి?

నవంబరు రెండో వారంలో పిలిచారు. మిల్లు తరఫున పర్సనల్ ఆఫీసరు పట్నాయక్ వచ్చాడు. ఇటు జగన్నాధం, సూరయ్య, సాక్షిగా నేను. సూరయ్య ఉతికిన పంచె కట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు.

పట్నాయక్ ముందుగా వేలిముద్ర కాగితం బల్ల మీద పెట్టాడు. తప్పు ఒప్పుకున్నాక ఇంక వివాదం ఏముందన్నాడు.

"ఇది నీదేనా?" అని లేబర్ ఆఫీసరు అడిగాడు.

"నాదేనయ్యా," అన్నాడు సూరయ్య. "తప్పని నమ్మినాను గావల్లి ఏసినాను."

జగన్నాధం నివేదిక తీసి, పదకొండో నోటు చూపించి, లండన్ కంపెనీ మిల్లుదేనన్నాడు. పట్నాయక్ తొణకలేదు.

"అయితే ఏమిటండీ? వాటాలు మావే, కాదనను. కానీ చట్టం దృష్టిలో అది వేరే సంస్థ, దాని లెక్కలు వేరు, దాని వ్యాపారం వేరు. సొంత అనుబంధ కంపెనీ ఫిర్యాదు చేసినంత మాత్రాన అది అబద్ధమైపోతుందా?"

లేబర్ ఆఫీసరు తల ఊపాడు. అది సరైన మాటే. నాకు తిక్క రేగింది. జగన్నాధం కళ్ళతో వారిస్తున్నా వినకుండా అందుకున్నాను.

"మార్చి ఇరవై ఎనిమిదిన బేళ్ళు మా దగ్గరున్నాయని ఆ కంపెనీ రాసింది. ముప్పై ఒకటిన దాని ఆస్తుల పట్టీలో నిల్వ సరుకు సున్నా. మూడు రోజుల్లో ఎనభై బేళ్ళు ఎక్కడికి పోయాయి?"

పట్నాయక్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పిల్లలను చూసి నేను నవ్వే నవ్వు. "మేడమ్, వాళ్ళు ఏజెంట్లు. ఏజెంటు చేతిలో ఉన్న సరుకు ఏజెంటు ఆస్తి కాదు. అది వాళ్ళ పట్టీలో రాదు. మా పట్టీలో వస్తుంది."

లెక్కలు చెప్పే పంతులమ్మని, నిండు సభలో లెక్క తప్పాను. సూరయ్య నావైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు, అలవాటుంది. చదువుకున్నవాళ్ళు తనకోసం ఏదో ప్రయత్నించి ఓడిపోవడం అతను ఇదివరకు చూసినట్టే ఉంది. దానికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఆయన ఇప్పుడు ఏజెంట్లన్నారు," అంది నా గొంతు, నాకు తెలియకుండానే కాస్త తగ్గి. "ఏజెంట్లయితే ఏం పని చేస్తారో వాళ్ళే రాసుకున్నారు. అయ్యా, చివరి నుంచి నాలుగో పేజీ. రెండో పేరా చదవండి."

లేబర్ ఆఫీసరు పేజీ తిప్పి మనసులో చదువుకున్నాడు. లండన్ ఉత్తరం తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చదివాడు. తర్వాత వరస మీద వేలు పెట్టి పైకి చదివాడు, ఇంగ్లీషులో ఒకసారి, సూరయ్య కోసం తెలుగులో ఒకసారి. కంపెనీకి ఈ సంవత్సరంలో సొంత గిడ్డంగి గానీ అద్దె గిడ్డంగి గానీ లేదు.

"పట్నాయక్ గారూ, ఉత్తరంలో మా గిడ్డంగిలో విప్పించి చూశామని ఉంది."

పట్నాయక్ పుస్తకం తీసుకుని చూశాడు. ఆ పేజీ అతనూ ఎన్నడూ చదవలేదని నాకు తెలిసిపోయింది. మనిషి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. అతనికీ ఎవరో కాగితాలిచ్చి పంపించారు, పాపం.

"కలకత్తాని అడగాలి," అన్నాడు.

"అడగండి. రాజీ కుదరకపోతే నేను పైకి రాయాలి. రాస్తే ఈ రెండు కాగితాలూ జతచేయాలి. ఆ తర్వాత వాటిని ఎవరెవరు చదువుతారో నా చేతిలో ఉండదు," అన్నాడు లేబర్ ఆఫీసరు. బ్యాంకు మాట ఎవరూ ఎత్తలేదు. అందరికీ వినబడింది.

పదిరోజుల్లో మళ్ళీ పిలుపొచ్చింది. పట్నాయక్ రాజీ పత్రం టైపు చేయించి తెచ్చాడు. కంపెనీ దయతో సూరయ్య తప్పును క్షమించి, పాత సర్వీసుతో, ఆగిన జీతంతో పనిలోకి తీసుకుంటోంది. ఒక మెలిక, చూపు మందగించినందున గుడ్డ చూసే బల్ల దగ్గర కాకుండా గేటు దగ్గర పని ఇస్తుంది.

దాలమ్మ కూడా వచ్చింది ఆ రోజు. మొగుడి భుజం మీద చెయ్యి వేసి, "ముద్దర ఏసీ, ఇంక సాలు," అంది.

సూరయ్య సిరా డబ్బా వైపు చూశాడు గానీ వేలు పెట్టలేదు.

"అయ్యా, తప్పు క్షమించినారని ఉన్నాది గదా. ఏ తప్పు?" అని అడిగాడు.

పట్నాయక్ పత్రం తన వైపు తిప్పుకుని మళ్ళీ చూశాడు.

"గేటుకాడికి పొమ్మంతే పోతాను. పంపీవోల్లు మీరు. కళ్ళు పోనాయనీసి మాత్రం రాయకండి. ఓపాలి ఏసినాను ఆ ముద్ర. రెండోపాలి ఎయ్యను. పన్లేకపోతే పోనీ."

దాలమ్మ చెయ్యి తీసేసింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఇంట్లో బియ్యం లేవని నాకు తెలుసు. కిందటి వారం నేనే నాలుగు కుంచాలు పంపాను, ఆవిడ రెండు వెనక్కి పంపింది. ఇలాంటప్పుడు ఎవరైనా సంతకం పెట్టమనే చెబుతారు. నేను చెప్పలేదు.

లేబర్ ఆఫీసరు కలం తీసి, దయతో అన్న మాట కొట్టేశాడు. తప్పును క్షమించి అన్న మాటలు కొట్టేశాడు. చూపు గురించి రాసిన వాక్యం, గేటు పనితో సహా, మొత్తం కొట్టేసి, కాగితం పట్నాయక్ ముందుకు జరిపాడు. పట్నాయక్ కొట్టేసిన మాటలన్నీ మళ్ళీ చదివాడు. చివరికి ఒక్కొక్క కొట్టివేత పక్కనా పొడి అక్షరాలు వేశాడు. అప్పుడు సూరయ్య బొటనవేలు సిరాలో ముంచాడు.

బయటికొచ్చాక, మెట్ల మీద, సూరయ్య నన్ను ఆపాడు.

"టీచరమ్మగారూ, ఒకటడుగుతాను. ఆ ఎనభై బేళ్ళూ బాగున్నట్టేనా మరి?"

అవునని చెప్పాలని ఎంత అనిపించిందో. అబద్ధమాడడం నాకు రాదని కాదు, ఆ వేళ అతనితో ఆడబుద్ధి కాలేదు.

"తెలీదు సూరయ్యా. అవి ఎవరి చేతికి పోయాయో ఆ పుస్తకంలో లేదు. ఉత్తరం రాసినవాళ్ళు మాత్రం వాటిని చూడలేదు. అంతవరకే తెలుసు."

అతను చెయ్యి చాపి, "ఆ పుస్తకం ఓపాలియ్యండి," అన్నాడు.

చివరి నుంచి నాలుగో పేజీ తెరిచి ఇచ్చాను. అతనికి ఇంగ్లీషే కాదు, తెలుగూ చదవడం రాదు. బట్ట పట్టుకున్నట్టే కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎండ వైపు తిప్పి, పై నుంచి కిందికి చూశాడు.

"ఆ అయ్య కిందటిపాలి సదివినప్పుడు ఏలెట్టి సదివినాడు. నాను బెంచీ మీంచి సూస్తన్నాను. ఇది తొమ్మిదో వరస గదమ్మా?"

సన్నక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి, వరసలు లెక్కపెట్టాను. ఒకసారి తప్పాను. రెండోసారి సరిగ్గా వచ్చింది. గిడ్డంగి లేదన్న మాట తొమ్మిదో వరసలోనే ఉంది.

"తొమ్మిదే," అన్నాను.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు సూరయ్య. అని, ఆ మెట్ల మీదే కూలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చాడు. దాలమ్మ పక్కన కూర్చుంది. నేను పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాను. అందులో ఒక్క పేజీ కూడా ఇంక చింపను.